సారు అడిగిన సంజాయిషీ

మార్గశిరం మొదటి గురువారం, పొద్దున పదీ ముప్పై అయిదు నిమిషాలకు నా మనవరాలి ఫోన్‌కు కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. టైం నాకెట్లా తెలుసంటే, ఫోన్ మీద అంకెలు చూసి చదవడం నాకు అలవాటు. యాభై దాటాక నేర్చుకున్న చదువు నాది. మనవరాలు ఒకటో తరగతిలో పలక మీద దిద్దుతుంటే దాని పక్కన కూర్చుని దిద్దుకున్నాను. అంతకు ముందు బస్సు బోర్డు కూడా ఎవరినో అడిగి ఎక్కేదాన్ని. మిర్చి యార్డులో తొడిమలు తీసి బతికినదాన్ని, ఘాటు చేతికి ఎక్కితే ఎట్లుంటదో తెలుసు గానీ అక్షరం సంగతి తెలియదు. నేర్చుకున్నాక ఒక రోగం పట్టుకుంది. ఎక్కడ ఏ కాగితం కనపడ్డా చదువుతాను. అందుకే ఆ మెయిల్ కూడా నేనే చదివాను. మనవరాలిది తెలుగు మీడియం డిగ్రీ. సారు తెలుగులోనే రాశాడు.

"అసైన్‌మెంట్ రెండు గడువు ముగిసినా మీది అందలేదు. ముందుగా ఏ సమాచారమూ ఇవ్వలేదు. ఊరిలో శుభకార్యానికి వెళ్లినట్లు తెలిసింది. ఈరోజు సాయంత్రం నాలుగు గంటల లోపు తల్లి, తండ్రి లేదా సంరక్షకుల సంతకంతో లిఖితపూర్వకంగా సంజాయిషీ పంపాలి. లేనిచో మార్కులు సున్నాగా నమోదు చేసి విభాగానికి పంపడం జరుగుతుంది."

శుభకార్యం అన్న మాట దగ్గర ఆగిపోయాను. కూడబలుక్కొని మళ్లీ చదివాను. శుభకార్యమే.

మేము పోయింది నా కొడుకు చావుకు.

నా కొడుకు ట్రాలీ ఆటో నడిపేవాడు. కార్తీకమాసంలో ఒకరోజు సిమెంటు బస్తాలు దించుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. దవాఖానకు తీసుకుపోయేసరికి అయిపోయింది. నేను, కోడలు, మనవరాలు, వాడు, నలుగురం హనుమకొండలో ఒక సేటు ఇంట్లో కింది గది కిరాయికి ఉండేవాళ్లం. సేటుకు బజారులో కిరాణా దుకాణం ఉంది. ఆయన, ఆయన భార్య పై అంతస్తులో ఉంటారు. కార్తీకమంతా ఆమెకు నోములు, దీపాలు. దవాఖాన నుంచి కోడలి తమ్ముడు సేటుకు ఫోన్ చేస్తే ఆయన అన్న మొదటి మాట, "శవాన్ని ఇంటికి తేకుండ్రి."

కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. వరంగల్‌లోనే కాదు, ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఇంతే. కిరాయి గదిలోకి శవం రావద్దు. శవాన్ని మోసినవాళ్లు, ముట్టినవాళ్లు దినాలు అయ్యేదాకా రావద్దు. పాలకుర్తి దగ్గరి మా ఊర్లో ఇల్లుంటే అక్కడికి పోయేవాళ్లం. అది వానలకు కూలి నాలుగేళ్లయింది. జాగా ఉంది, గోడలు లేవు. అందుకని దవాఖాన నుంచి సక్కగా శ్మశానానికే పోయాం. దానికి ఇప్పుడు వైకుంఠధామం అని పేరు పెట్టారు. కర్మలు చేసుకునేవాళ్ల కోసం అక్కడ రేకుల షెడ్డు ఒకటి కట్టారు. దినాలు అయ్యేదాకా పదకొండు రోజులు ఆడవాళ్లం ముగ్గురం ఆ షెడ్డులో ఉన్నాం. ఒకవైపు మా పొయ్యి. ఇంకోవైపు రోజూ ఎవరో ఒకరి మంట. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పొగ వాసన. రెండో రోజుకు ఆ వాసన కూడా తెలియలేదు. అది ఇంకా పాడు సంగతి.

సేటు మా తాళం మీద తన తాళం ఒకటి వేశాడు. లోపలి వస్తువులు కదిలితే మైల ఇంటికంతా అంటుతుందని ఆయన నమ్మకం. గల్లీలో ఎవరైనా అడిగితే ఊరికి పోయామని చెప్పమన్నాడు. పైన ఒక పోర్షన్ ఖాళీగా ఉంది. చావు జరిగిందని తెలిస్తే కిరాయికి ఎవరూ రారని ఆయన భయం. మేమూ సరే అన్నాం. మనవరాలి క్లాసులో లీడర్ పిల్ల ఫోన్ చేస్తే కోడలి తమ్ముడు ఎత్తి, "ఊరికొచ్చిన్రు, ఇంట్ల కార్యం ఉండె" అని చెప్పాడు. చావు కూడా కార్యమే. ఆ పిల్ల ఏమనుకుంది, పెళ్లో పేరంటమో అనుకుంది. సారుకు అదే చెప్పింది.

ఇక అసైన్‌మెంట్. అది రాయకపోవడం కాదు. తండ్రి పోవడానికి ముందే రాసి పెట్టుకుంది. బ్యాంకుల గురించి పన్నెండు పేజీలు, తెల్ల కాగితాల మీద, మార్జిన్లు కొట్టి. అది గదిలో కిటికీ పక్కన బట్టల ట్రంకు మీద ఉంది. గది తాళంలో ఉంది. తాళం సేటు దగ్గర ఉంది. గడువు రోజు పొద్దున్నే మనవరాలు సేటు భార్యకు ఫోన్ చేసి అడిగింది. "కిటికీల నుంచి ఆ కాగితాలు ఇయ్యుండ్రి అమ్మమ్మా, మా ఫ్రెండు వచ్చి తీస్కపోతది" అని. ఆమె సేటును అడిగింది. సేటు వద్దన్నాడు. అంతే. షెడ్డులో కూర్చుని మళ్లీ రాద్దామంటే పుస్తకాలూ నోట్సూ అన్నీ గదిలోనే. దినాలు అయి మేం గదికి తిరిగొచ్చింది ఆ మెయిల్‌కు ముందురోజే.

ఆ పిల్లకు మొదటి మిడ్ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయి. ఈ అసైన్‌మెంట్ సున్నా అయితే ఇంటర్నల్‌లో పాస్ మార్కు అందదట. అందకపోతే ఆ పేపరుకు సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరట. పేపరు పోతే ఏముంది, మళ్లీ రాసుకోవచ్చు అని మీరనుకోవచ్చు. మా ఇంట్లో అట్లా కాదు. దినాల రోజే కోడలి తమ్ముడు చెప్పేశాడు. "అక్కా, ఒక్క పేపరు పోయినా చదువు బంద్. చీరల దుకాణంల మాట్లాడి పెట్టిన, వచ్చే నెల నుంచే రమ్మన్నరు" అని. వాడు చెడ్డవాడు కాదు. ఇంట్లో సంపాదించేవాడు పోయాడు, ఎవరో ఒకరు పనికి పోవాలె కదా. కోడలు తలూపింది. మనవరాలు అన్నం పళ్లెం పక్కకు జరిపింది.

కాబట్టి ఆ గురువారం సాయంత్రం నాలుగులోపు ఆ పిల్ల ఏం రాస్తుందన్న దాని మీదే దాని చదువు ఆధారపడి ఉంది.

మనవరాలు కూర్చుని రాసింది. గంటసేపు రాసింది. ఏడుస్తూ రాసింది. మూడు పేజీలు. తండ్రి ఎట్లా పోయాడు, చివరిసారి ఏం మాట్లాడాడు, షెడ్డు, మంటలు, వాళ్లమ్మ మూగబోవడం. చదివి వినిపిస్తే కోడలు గోడకు తల ఆనించి ఏడ్చింది. నాకూ కళ్లు మండాయి. కానీ నేను సారు మెయిల్ మళ్లీ తెరిపించి చదివాను.

"బిడ్డా, సారు అడిగిందేంది, నువ్వు రాసిందేంది?" అన్నాను.

"నాయిన పోయిండని రాసిన కదా బాపమ్మా."

"మూడు పేజీలు రాసినవ్. ముందుగాల ఎందుకు చెప్పలేదన్నడు సారు. దానికి జవాబేది? శుభకార్యం అన్నడు. కాదని యాడ రాసినవ్?"

అది కాగితాలు తిప్పి చూసింది. లేదు.

కోడలు మధ్యలో అందుకుంది. "అత్తమ్మా, గా షెడ్డుల ఉన్నమని రాస్తే కాలేజీ అంత తెలుస్తది. రేపు పొల్లను అందరు కాట్ల పండుకున్నదని అంటరు. జొరం అని రాయమను. మన ఆరెంపీ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తడు, నేనడిగితే కాదనడు."

ఆరెంపీ అంటే మా గల్లీ చివర సూదులు వేసే డాక్టరు. ఇస్తాడు, నిజమే. నేను చెప్పేలోపు పక్క గదిలోంచి టీచరమ్మ వచ్చింది. ఆమె ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది, మాలాగే సేటుకు కిరాయిదారు, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. గోడలు పలుచన. మా మాటలన్నీ ఆమెకు వినపడతాయి, ఆమెవి మాకూ.

"జొరం వద్దమ్మా" అంది టీచరమ్మ. "క్లాసు లీడరేమో ఊరికి పోయింది అని చెప్పింది. ఇప్పుడు మీరు జొరం అంటే రెండో కథ. సారు ఒక్కటి అడుగుతడు, రెండిట్ల ఏది నిజమని. ఇగ దేన్నీ నమ్మడు."

"మరేం రాయాలె?" అంది మనవరాలు.

టీచరమ్మ మా గడప మీద కూర్చుంది. మైల పోయిందా అని అడగలేదు. అది గుర్తుంది నాకు.

"ఒక్క పేజీ. పైన నీ పేరు, గ్రూపు, హాల్ టికెట్ నంబరు, ఏ సబ్జెక్టు, ఎన్నో అసైన్‌మెంటు, గడువు ఏ రోజు ఉండె. ఆయనకు మీ అసొంటోళ్లు నూరు మంది ఉంటరు, ఎవరివో ఎతుక్కునేటట్టు పెట్టద్దు. తర్వాత ఏం జరిగిందో రెండు మాటలు. తర్వాత ఎందుకు చెప్పలేదో. తర్వాత ఇప్పుడు అసైన్‌మెంట్ ఎక్కడుంది, ఎప్పుడిస్తవ్. ఆఖరికి ఏం అడుగుతున్నవో. దయచేసి దయచేసి అని నాలుగుసార్లు రాయకు, ఒక్కసారి చాలు."

"ఏడ్చింది రాయద్దా?"

"రాయద్దు. నాయిన పోయిండంటే ఏడ్చినవని ఆయనకు తెల్వదా?"

మనవరాలు మొదటిసారి కొంచెం నవ్వింది. కళ్లు తుడుచుకుని కొత్త కాగితం తీసింది.

రుజువు ఏం పెట్టాలనేది తర్వాతి పంచాయితీ. మరణ ధ్రువపత్రం ఇంకా రాలేదు, దరఖాస్తు మాత్రమే పెట్టాం. దవాఖానలో ఇచ్చిన చీటీ ఉంది. అందులో వాడి పేరు, వయసు, పోయిన టైం ఉన్నాయి. టీచరమ్మ ఆ చీటీ ఫొటో పెట్టమంది. "సర్టిఫికెట్ జతచేశాను అని రాయకు. లేనిది ఉన్నదన్నట్టు రాయద్దు. దరఖాస్తు పెట్టినం, వచ్చినాక ఇస్తం అని రాయి" అంది.

ఎందుకు చెప్పలేదన్న దగ్గర మనవరాలు రెండుసార్లు రాసి కొట్టేసింది. చివరకు ఇట్లా రాసింది: "మరణవార్త బయట చెప్పవద్దని పెద్దలు చెప్పడం వల్ల నేను కాలేజీకి తెలియజేయలేదు. మా బంధువు చెప్పిన మాటను క్లాసు లీడర్ శుభకార్యంగా అర్థం చేసుకుంది. ఆమె తప్పు లేదు. నా దగ్గర ఫోన్ ఉంది. మీకు ఒక మెయిల్ పంపి ఉండవలసింది. పంపకపోవడం నా పొరపాటు."

"పొరపాటని ఎందుకు రాస్తున్నవ్?" అంది కోడలు. "తండ్రి పోయినోళ్లకు ఫోన్లు యాదికుంటయా?"

"ఫోన్ ఉండె కదమ్మా" అంది మనవరాలు. "పైన సేటు ఇంటి అమ్మమ్మకు చేసిన, ఫ్రెండుకు చేసిన. సారుకే చెయ్యలే. భయమైంది."

ఆ మాట అట్లాగే ఉంచారు.

అసలు చిక్కు గది తాళం దగ్గర వచ్చింది. మనవరాలు "ఇంటి యజమాని మైల కారణంగా గదికి తాళం వేశారు" అని రాసింది. టీచరమ్మ గొంతు తగ్గించింది. పైకి చూసింది.

"సేటు సంగతి రాయకు. గదిలోకి వెళ్లే వీలు లేకపోయింది అని రాయి, సరిపోతది."

"వీలు లేదంటే ఎందుకు లేదని అడగడా?" అన్నాను నేను.

"అడిగితే అప్పుడు చూస్కుందం అమ్మా. మనం ఈయన ఇంట్లనే ఉండాలె."

ఆమె మాట కొట్టిపారేయలేం. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. మనవరాలు ఆ లైను కొట్టేసి మళ్లీ రాసింది. సంతకం గీత దగ్గరికి వచ్చేసరికి నా చేతికి పెన్నిచ్చారు. కోడలు చేస్తానంటే మనవరాలే, "బాపమ్మా నువ్వు చెయ్" అంది. సంరక్షకురాలు అని ఉన్నచోట నా పేరు రాశాను. తండ్రి అని ఉన్నచోట అడ్డగీత కొట్టింది మనవరాలు. స్కేలు పెట్టి కొట్టింది.

కాగితాన్ని గడప మీద ఎండలో పరిచి, నీడ పడకుండా ఫొటో తీసింది. దవాఖాన చీటీ ఇంకో ఫొటో. అసైన్‌మెంట్ మొదటి పేజీ, చివరి పేజీ ఇంకో రెండు. కొత్త మెయిల్ కొట్టబోతుంటే టీచరమ్మ ఆపింది. "ఆయన పంపినదానికే రిప్లై కొట్టు. కొత్తది పోతే ఆయన ముందటి దాంతోని కలిపి చూడడు." మూడు గంటలకు పంపింది. పంపాక ఫోన్ బోర్లా పెట్టి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, అది ఎగిరిపోతుందన్నట్టు.

ఇరవై నిమిషాల్లో జవాబు.

"తండ్రిగారి మరణం గురించి ఇప్పుడే తెలిసింది. అయితే పూర్తి చేసిన అసైన్‌మెంట్‌ను ఎవరి ద్వారానైనా ఎందుకు పంపలేకపోయారో స్పష్టంగా లేదు. గదిలోకి వెళ్లే వీలు ఎందుకు లేదో తెలపండి. ఈ విషయం ధ్రువీకరించగల, కుటుంబ సభ్యులు కాని ఒకరి ఫోన్ నంబరు ఇవ్వండి. నాలుగు గంటలకు జాబితా పంపాలి."

టీచరమ్మే అంది, "అడగనే అడిగిండు" అని.

సారు మీద నాకు కోపం రాలేదు. ఆయనకు తెలియని ఇంటి సంగతి ఆయన అడుగుతున్నాడు. తాళంలో ఉన్న కాగితాన్ని తెచ్చుకోలేకపోవడం ఏమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఈ మైల లెక్క తెలిసినవాళ్లకు అడగాల్సిన పని లేదు, తెలియనివాళ్లకు ఎంత చెప్పినా వింతే.

మనవరాలు టీచరమ్మ వైపు చూసింది. తాళం వేసింది కళ్లారా చూసిన బయటి మనిషి ఆమె ఒక్కతే. కాటికాపరి ఉన్నాడు గానీ, మేం షెడ్డులో ఉన్నామని చెబుతాడు, తాళం సంగతి ఆయనకేం తెలుసు.

"నా నంబరు ఇయ్యకు బిడ్డా" అంది టీచరమ్మ. నేల చూస్తూ అంది. "సేటుకు తెలిస్తే నన్ను గూడ పొమ్మంటడు. ఈ పిల్లలతోని నేను యాడ ఎతుక్కోవాలె?"

"వద్దులే టీచరమ్మా" అన్నాను. "నీకు గూడ ఇల్లు గావాలె."

ఇంకెవరున్నారు. తాళం వేసినాయనే.

"సేటు నంబరు ఇయ్యి" అన్నాను.

కోడలు అదిరిపడింది. "వద్దత్తమ్మా. ఆయన కోపానికొస్తడు."

"ఏసిన తాళమే కదా అడిగేది. ఆయన దాచుకున్నడా? గల్లీ అంత చూడంగ ఏసిండు."

"ఇల్లు పోతది అత్తమ్మా."

"ఇయ్యకపోతే చదువు పోతది."

మనవరాలు నా ముఖం చూసింది, వాళ్లమ్మ ముఖం చూసింది. మూడూ నలభై అయింది. అప్పుడు ఎవరినీ అడగకుండా టైపు చేసింది. ఈసారి కాగితం లేదు. పంపే ముందు చదివి వినిపించింది: "కుటుంబంలో మరణం జరిగితే కర్మలు పూర్తయ్యేవరకు కిరాయి ఇంట్లోకి రానివ్వకపోవడం మా దగ్గర ఆచారం. మా ఇంటి యజమాని ఆ ఆచారం ప్రకారం గదికి తాళం వేశారు. గడువు రోజు ఉదయం కాగితాలు కిటికీలోంచి ఇవ్వమని ఫోన్‌లో అడిగాను, వారు ఒప్పుకోలేదు. వారి మీద ఇది ఫిర్యాదు కాదు. మీరు అడిగినందుకు తెలుపుతున్నాను. వారి నంబరు కింద ఇస్తున్నాను. రేపు ఉదయం అసైన్‌మెంట్ తెచ్చి ఇవ్వడానికి అనుమతి ఇవ్వగలరు."

బాగా రాసింది. మొదటిదాని కంటే ఇదే బాగుంది. భయం లేకుండా రాసింది కాబట్టి కాదు. భయంతోనే రాసింది, కానీ అడిగినదానికి జవాబు రాసింది.

నాలుగు దాటింది. ఏ జవాబూ రాలేదు. అయిదున్నరకు మెట్ల మీద సేటు చెప్పుల చప్పుడు వినిపించింది.

"అవ్వా, జర బయటికి రా."

పోయాను. సేటు మెట్ల కింద నిలబడ్డాడు. ఆయన వెనక నాలుగు మెట్లపైన ఆయన భార్య.

"కాలేజీ సారు ఫోన్ చేసిండు. తాళమేసిన్రా అని అడిగిండు. ఏసిన అని చెప్పిన. నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు."

"మంచిగ చేసినవ్ సేటు."

"మంచిగ గాదు. ఆయన ఏమన్నడో ఎరుకనా? కాగితాలకు గూడ మైల ఉంటదా అండీ అన్నడు. అండీ అనుకుంటనే అన్నడు. నా కిరాయికి ఉండేటోడు గాదు, నా దుకాణంల ఉప్పు కొనేటోడు గాదు. గసొంటోనితోని నేనెందుకు మాట పడాలె?"

"నిన్ను మాటనమని మేం చెప్పలే."

"నా ఇంటి సంగతి కాలేజీల ఎందుకు పెట్టిన్రు? నేనేమన్న తప్పు చేసిన్నా? వేరే ఓనర్లయితే దినాలైనా రానియ్యరు, సామాను రోడ్డు మీద పెడతరు. మీరు ఆడోళ్లని మళ్ల ఇంట్లకు రానిచ్చిన. శాంతి నేనే చేయించుకున్న. గింత చేస్తే నాకు గిదా?"

అందులో అబద్ధం లేదు. అయిదారు ఇళ్ల అవతల ఒకామె భర్త పోతే సామాను ఆటోలో వేసి పంపించారు. నేను నా కాలమంతా ఈ మైలను పాటించినదాన్నే. మా ఊర్లో నా ఇల్లు నిలబడి ఉన్నప్పుడు చావు ఇంటికి పోయి వచ్చినవాళ్లను నీళ్లు పోసుకోకుండా గడప దాటనివ్వలేదు. అందుకని సేటుతో నీది తప్పు అని అనలేకపోయాను. అనుకోలేకపోయాను కూడా. తాళం ఆయన నమ్మకం. ఆ తాళం వెనక పిల్ల చదువు ఉండిపోయింది. రెండూ నిజమే.

మనవరాలు నా వెనక నుంచి ముందుకొచ్చింది.

"తాతా, సారు అడిగిండు, ఉన్నది రాసిన. మీ మీద ఫిర్యాదు గాదని గూడ రాసిన. చూపియ్యనా?"

"నాకెందుకు చూపిస్తవ్? సదువుకున్నదానివి, నాలుగు మాటలు సక్కగ రాస్తవ్. నేను దుకాణపోన్ని." సేటు నన్ను చూసి అన్నాడు. "నెల ఒడిసేదాక ఉండుండ్రి. తర్వాత వేరే చూస్కోండ్రి."

కోడలు గడప దిగి వచ్చింది. "సేటు, మీ కాళ్లు మొక్కుత. ఆయన పోయి ఇంక నెల గూడ గాలే. గిప్పుడు మాకు ఇల్లెవరిస్తరు?"

ఆయన వెనక్కి జరిగాడు. ఆమె కాళ్లు ముట్టుకుంటుందేమోనని జరిగాడు. పైమెట్టు మీద నుంచి ఆయన భార్య, "ఏందయ్యా, పోనియ్యరాదు" అంది మెల్లగా. ఆయన తిరిగి చూడలేదు. టీచరమ్మ తలుపు ఓరగా తెరిచి ఉంది. తెరుచుకోలేదు, మూసుకోలేదు.

"కోడలా, లే" అన్నాను. "చెప్పేది చెప్పిండు."

సేటు మెట్లెక్కిపోయాడు. ఆ రాత్రి మేం ముగ్గురం అన్నం వండుకున్నాం. తిన్నది ఎవరో గుర్తులేదు.

సారు జవాబు ఏడుంబావుకు వచ్చింది. రెండే లైన్లు. వివరణ అంగీకరించబడినది. శుక్రవారం పన్నెండులోపు విభాగాధిపతి సంతకంతో అసైన్‌మెంట్ అందజేయాలి.

శుక్రవారం మనవరాలు పోయి ఇచ్చింది. వచ్చి చెప్పింది. సారు సంజాయిషీని ప్రింటు తీసి పెట్టుకున్నాడట, దాన్ని అసైన్‌మెంట్ మీద పెట్టి పిన్ను కొట్టాడట. ఆలస్యంగా స్వీకరించినట్లు ఎర్ర పెన్నుతో రాసి, విభాగాధిపతి గదికి తానే తోడు వచ్చాడట. అప్పుడు అన్నాడట, ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది కదమ్మా, ఇంత దూరం వచ్చేది కాదు అని. ఇది తలూపి వచ్చేసిందట.

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నరని చెప్పలేదా?" అన్నాను.

"ఎందుకు చెప్పాలె బాపమ్మా? చెప్తే సారు మళ్ల సేటుకు ఫోన్ చేస్తడు."

కోడలు కూడా నవ్వింది, ఎన్ని రోజులకో. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ నెలంతా ఇల్లు వెతికాం. ఎక్కడికి పోయినా మొదట అడిగేది ఎంత మంది ఉంటారు అని కాదు. కోడలి నుదురు చూసి, "ఎప్పుడు పోయిండు?" అని అడుగుతారు. చెబితే, ఏడాది మాసికాలు అయినాక రమ్మంటారు. చెప్పకుండా దాచుదామని కోడలి తమ్ముడు అన్నాడు. మనవరాలు ఒప్పుకోలేదు. "మళ్ల ఎవరో ఏదో అనుకుంటరు. మళ్ల రాసుడు నాతోని గాదు మామా" అంది. ఇంటర్నల్ మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు చీరల దుకాణం మాట కోడలి తమ్ముడే మానుకున్నాడు. పాస్ మార్కు మీద రెండు ఎక్కువ వచ్చాయి.

చివరకు హసన్‌పర్తి అవతల, పొలాల అంచున ఒక రేకుల గది దొరికింది. అది ఒక రైతుది. ఆయన చావు సంగతి విని, "మా ఇంట్ల గూడ పోయిన్రు, ఎవరింట్ల పోలేదు" అన్నాడు. నీళ్లు దూరం నుంచి మోసుకోవాలి. ఎండకు రేకులు కాలుతాయి. రేకుల కింద పండుకోవడం కోడలికి ఇంకా అలవాటు కాలేదు. ఆ షెడ్డు గుర్తొస్తుందంటుంది. తెల్లారేదాకా బయట వాకిట్లో కూర్చుంటుంది. మనవరాలు పొద్దున్నే బస్సెక్కి పోతుంది. సెమిస్టర్ పరీక్షలు రాసింది. అన్నీ రాసింది.

సేటు మాకు దారిలో ఒకసారి ఎదురయ్యాడు. తల తిప్పుకోలేదు. "పొల్ల పరీచ్చలు రాసిందా?" అని అడిగాడు. రాసింది అన్నాను. "మంచిది" అన్నాడు. ఆ పైపోర్షన్, మా గది, రెండూ ఇంకా ఖాళీగానే ఉన్నాయని టీచరమ్మ ఫోన్‌లో చెప్పింది.

రుజువుకు మనిషెవరని మళ్లీ ఎవరన్నా అడిగితే, ఆ గురువారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: సంతకం చేసిన నేను. గడప మీద కూర్చున్న నా కోడలు. రాసి పంపిన నా మనవరాలు. పక్క గది టీచరమ్మ, బడి నుంచి వచ్చి ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు పిల్లలు. మెట్ల కింద ఇంటి ఓనరు సేటు, నాలుగు మెట్లపైన ఆయన భార్య. ఫోన్‌లో మాత్రమే ఉన్న సారు.